సుంకం పది తగ్గిందట: పది శాతమా, పది పాయింట్లా?

2025 మే 30న కేంద్ర ప్రభుత్వం ముడి పామాయిల్, ముడి సోయాబీన్ నూనె, ముడి సన్‌ఫ్లవర్ నూనెలపై మూల దిగుమతి సుంకాన్ని 20 శాతం నుంచి 10 శాతానికి తగ్గించింది. ఉత్తర్వు సారాంశం ఇంతే. అందులో సందిగ్ధం ఏమీ లేదు. కాని ఇటువంటి ఉత్తర్వు కస్టమ్స్ గడప దాటి బజారుకు చేరేసరికి నాలుగు వేషాలు వేస్తుంది. సుంకం పది శాతం తగ్గిందని ఒకరంటారు. సగానికి సగం పోయిందని ఇంకొకరంటారు. తగ్గింది పది కాదు, పదకొండు అని లెక్క తెలిసిన దిగుమతిదారు సవరిస్తాడు. ఇక నూనె ధర పది శాతం పడిపోతుందని చిల్లర వర్తకుడు చేతిలోని నిలవలు తెగనమ్మడానికి సిద్ధపడతాడు.

ఈ నాలుగింటిలో రెండు నిజాలు, రెండు అబద్ధాలు. నాలుగూ ఒకే ఉత్తర్వు గురించి చెప్పినవే. చెప్పినవారెవరూ మోసగాళ్లు కారు. తప్పంతా "శాతం" అన్న ఒక్క మాటను రెండు పనులకు వాడటంలో ఉన్నది. సుంకాలు, వడ్డీలు, మిల్లుల ఫలితాలు రాసే పత్రికలు, సర్క్యులర్లు పంపే దళారీ సంస్థలు ఈ రెండు పనులకూ రెండు మాటలు వాడి తీరాలన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఎందుకో లెక్కతో సహా చూద్దాం.

రెండు పనులు ఏమిటి?

క్వింటాలు ధర 5,000 రూపాయల నుంచి 5,500కు పెరిగితే పది శాతం పెరిగిందంటాము. ఇక్కడ ఎవరికీ తికమక లేదు. ధర రూపాయలలో ఉన్నది, మార్పు శాతంలో ఉన్నది. రెండూ వేరు వేరు కొలతలు కనుక ఒకదానితో ఒకటి కలవవు.

సుంకం అలా కాదు. సుంకమే శాతంలో ఉన్నది. దానిలో వచ్చిన మార్పును కూడ శాతంలోనే చెబితే, కొలిచే వస్తువూ కొలబద్దా ఒకటే అయిపోతాయి. 20 నుంచి 10కి దిగినప్పుడు 20 లోంచి 10 తీసివేసి "పది" అనవచ్చు. పోయిన పదిని పాత ఇరవైతో భాగించి "నూటికి యాభై" అనవచ్చు. మొదటిది తీసివేత, రెండవది భాగహారం. తీసివేత ఫలితాన్ని శాతం పాయింట్లు అనాలి. భాగహారం ఫలితాన్ని మాత్రమే శాతం మార్పు అనాలి. అంటే సుంకం పది పాయింట్లు తగ్గింది, లేదా యాభై శాతం తగ్గింది. రెండూ సరైనవే. "పది శాతం తగ్గింది" అన్నది మాత్రం సరికాదు. 20 శాతం సుంకం నిజంగా పది శాతం తగ్గితే 18 అవుతుంది గాని 10 కాదు.

మన భాషలో ఇంకొక చిక్కు కూడ ఉన్నది. "పది శాతానికి తగ్గింది" అంటే ఇప్పుడు పది ఉన్నదని అర్థం. "పది శాతం తగ్గింది" అంటే పోయినది పది అని అర్థం. నడుమ ఉన్న తేడా ఒక్క "కి". ఫోనులో చెప్పేటప్పుడు, హడావుడిగా శీర్షిక పెట్టేటప్పుడు ముందుగా రాలిపోయేది ఈ అక్షరమే. ఈసారి పోయినది పది, మిగిలినది కూడ పదే కావడంతో ఆ అక్షరం లేకపోయినా మూల సుంకం విషయంలో నష్టం జరగలేదు. 20 నుంచి 15కు దిగి ఉంటే, "15 శాతం తగ్గింది" అన్న వార్త చదివినవాడు మిగిలింది 5 అనుకొని ఉండేవాడు.

టన్ను మీద లెక్క

ఇప్పుడు పదకొండు ఎక్కడిదో చూద్దాం. ముడి నూనె మీద మూల సుంకం ఒక్కటే కాదు, వ్యవసాయ మౌలిక సదుపాయాల సెస్సు 5 శాతం ఉన్నది. ఈ రెండూ కలిపిన మొత్తం మీద నూటికి పది చొప్పున సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి పడుతుంది. పాత లెక్క ప్రకారం 20కి 5 కలిపితే 25, దానిమీద సర్‌ఛార్జి రెండున్నర, మొత్తం 27.5. కొత్త లెక్క ప్రకారం 10కి 5 కలిపితే 15, దానిమీద సర్‌ఛార్జి ఒకటిన్నర, మొత్తం 16.5. అంటే మూల సుంకం 10 పాయింట్లు తగ్గితే, దానితో పాటు సర్‌ఛార్జి ఒక పాయింటు తగ్గి, రేవులో కట్టే మొత్తం సుంకం 11 పాయింట్లు తగ్గింది. శాతం మార్పుగా చెబితే 27.5లో 11 పోయింది కనుక సరిగ్గా 40 శాతం.

ఇది అర్థమైతే ఇంకొక విషయం తేటపడుతుంది. మూల సుంకం యాభై శాతం తగ్గింది, మొత్తం సుంకం నలభై శాతం తగ్గింది. సెస్సు కదలలేదు గనుక శాతాలలో ఈ తేడా వచ్చింది. పైకి పరస్పర విరుద్ధంగా కనిపించే ఈ రెండు వాక్యాలూ నిజాలే. ఏ సుంకం గురించి మాట్లాడుతున్నామో చెప్పకుండా శాతం మార్పు ఒక్కటే చెబితే అది వినేవానికి ఎందుకూ కొరగాదు.

లెక్క సులువుగా ఉండటానికి, సుంకం విధించే విలువ టన్నుకు లక్ష రూపాయలు అనుకుందాం. ఇది ఉదాహరణకు తీసుకున్న గుండు అంకె, బజారు ధర కాదు. జి.ఎస్.టి.ని పక్కన పెడదాం. పాత సుంకం 27,500. సరకు, సుంకం కలిసి 1,27,500. కొత్త సుంకం 16,500. రెండూ కలిసి 1,16,500. టన్నుకు 11,000 రూపాయల తేడా.

ఇదే ఉత్తర్వును నలుగురు నాలుగు రకాలుగా విన్నారనుకోండి. కట్టే సుంకం పది శాతం తగ్గిందని విన్నవాడు 27,500లో పదో వంతు, అంటే 2,750 రూపాయలు తగ్గుతుందనుకుంటాడు. పది పాయింట్లని విని సర్‌ఛార్జి మరచినవాడు 10,000 అనుకుంటాడు. నూనె ధర పది శాతం తగ్గుతుందని విన్నవాడు 1,27,500లో పదో వంతు, అంటే 12,750 అనుకుంటాడు. అసలు తేడా 11,000. దాన్ని పాత పడతల ధరలో భాగంగా చూస్తే దాదాపు 8.6 శాతం. నూనె ధర మీద సుంకం తగ్గింపు ప్రభావం గరిష్ఠంగా ఇంతే. అదికూడ విదేశీ ధర, రూపాయి మారకపు రేటు కదలకుండా ఉంటేనే.

ఆ "ఉంటేనే" అన్నది చిన్న షరతు కాదు. పామాయిల్, ముడి సోయాబీన్ నూనెల మీద సుంకాన్ని ఇన్వాయిస్ ధర మీద కాక, ప్రభుత్వం సాధారణంగా పక్షానికొకసారి డాలర్లలో ప్రకటించే టారిఫ్ విలువ మీద వసూలు చేస్తారు. ఆ విలువను రూపాయల్లోకి మార్చడానికి కస్టమ్స్ వారు ప్రకటించే మారకపు రేటు వాడతారు. కనుక సుంకం 11 పాయింట్లు తగ్గిన వారంలోనే టారిఫ్ విలువ పెరిగితే టన్నుకు 11,000 మిగలదు. పాయింట్లు చెప్పేది రేటు సంగతి. రూపాయలు తెలియాలంటే ఆ రేటును దేనిమీద వేస్తారో తెలియాలి.

ఒప్పందంలో పడే చిక్కు

ఇది మాటల పట్టింపు కాదని తేలేది ఒప్పందాల దగ్గర. కాకినాడలోనో, కృష్ణపట్నంలోనో దిగవలసిన వంద టన్నుల ముడి నూనె సుంకంతో సహా ధరకు బేరం కుదిరిందనుకుందాం. ఓడ వచ్చేలోగా సుంకం మారితే ఆ తేడా కొనుగోలుదారు ఖాతాకు చెందుతుందని దళారీ చీటీలో ఉన్నది. సుంకం తగ్గింది. తేడా కొన్నవానికి రావాలి. ఎంత?

తగ్గింపు వార్త చెబుతూ దళారీ "పది శాతం తగ్గింది" అని రాసి పంపితే, అమ్మినవాడు ఆ కాగితాన్నే పట్టుకొని టన్నుకు 2,750 చొప్పున రెండు లక్షల డెబ్భై అయిదు వేలు ఇస్తానంటాడు. కొన్నవాడు ధరలోనే పది శాతం అని వాదించి పన్నెండు లక్షల డెబ్భై అయిదు వేలు అడుగుతాడు. ఇద్దరి నడుమ అంతరం సరిగ్గా పది లక్షలు. నిజానికి రావలసింది పదకొండు లక్షలు. రేవులో కట్టిన బిల్ ఆఫ్ ఎంట్రీ తీసి చూస్తే వివాదం తీరుతుంది, నిజమే. కాని ఒక్క మాట సరిగా రాసి ఉంటే దాకా వెళ్లనవసరం లేదు. "మొత్తం సుంకం 27.5 నుంచి 16.5కు, అంటే 11 పాయింట్లు తగ్గింది. టారిఫ్ విలువ ఫలానా" అని రాసిన చీటీలో తగాదాకు చోటు లేదు.

సున్నా దగ్గర శాతం చెల్లదు

వెనక్కి కొంచెం చూద్దాం. ఇవే ముడి నూనెల మీద 2024 సెప్టెంబరు 14కు ముందు మూల సుంకం సున్నా. సెస్సు, సర్‌ఛార్జి కలిసి మొత్తం 5.5 శాతం ఉండేది. ఆ రోజు నుంచి మూల సుంకం 20 అయి, మొత్తం 27.5కు చేరింది.

మూల సుంకం ఎంత శాతం పెరిగింది? ఈ ప్రశ్నకు జవాబు లేదు. సున్నాతో భాగించడం కుదరదు. 20 పాయింట్లు పెరిగిందని మాత్రమే చెప్పగలం. మొత్తం సుంకం సంగతి అడిగితే 22 పాయింట్లు పెరిగింది, శాతం మార్పుగా 400. అంటే అయిదింతలైంది. 400 శాతం అన్న శీర్షిక చూసినవాడు గుండె పట్టుకుంటాడు. మన లక్ష రూపాయల టన్ను మీద వేసి చూస్తే పడతల 1,05,500 నుంచి 1,27,500కు, అంటే దాదాపు 20.9 శాతం పెరిగింది. భారం చిన్నదేమీ కాదు, కాని నాలుగు వందలకూ ఇరవై ఒకటికీ పోలిక ఎక్కడ? సుంకం మొదట ఎంత తక్కువగా ఉంటే శాతం మార్పు అంత భయంకరంగా కనిపిస్తుంది.

ఇప్పుడు రెండు ఉత్తర్వులనూ కలిపి చూడండి. 2024లో 400 శాతం పెంచి 2025లో 40 శాతం తగ్గించారని రాస్తే, పెంచినదానిలో పదో వంతు మాత్రమే తిరిగి ఇచ్చారని పాఠకుడు అనుకుంటాడు. పాయింట్లలో చూస్తే 22 పెంచి 11 తగ్గించారు. అంటే సరిగ్గా సగం తిరిగి ఇచ్చారు. పెంపు శాతానికి మూలం 5.5, తగ్గింపు శాతానికి మూలం 27.5. మూలాలు వేరైన రెండు శాతాలను పక్క పక్కన పెట్టి పోల్చడం, మణుగు తూకాన్ని క్వింటాలు తూకంతో పోల్చడం వంటిది.

ఎవరికి కావలసిన అంకెను వారు ఎంచుకోవడం కూడ ఇక్కడే జరుగుతుంది. తగ్గింపు రైతుకు నష్టమని వాదించేవాడు "సగానికి కోత" అంటాడు. తగ్గింపు చాలదనేవాడు "పది మాత్రమే" అంటాడు. ఇద్దరి వాదనలోనూ న్యాయం ఉండవచ్చు. కాని వార్త రాసేవాడు ఇద్దరిలో ఎవరి పక్షమూ కాదు కనుక రెండు కొసలూ చెప్పాలి. ఎంత నుంచి ఎంతకు అన్నది చెప్పిన తరువాత ఏ విశేషణం తగిలించినా పాఠకుడు మోసపోడు.

పాయింట్లకూ హద్దు ఉన్నది

ఇంతవరకు చదివి పాయింట్లు మంచివి, శాతాలు చెడ్డవి అనుకోరాదు. పాయింట్లు కూడ తప్పుదారి పట్టించగలవు.

శుద్ధి చేసిన నూనెల మీద మొత్తం సుంకం 2024 సెప్టెంబరులో 13.75 నుంచి 35.75కు పెరిగింది. 2025 మే ఉత్తర్వు దానిని ముట్టుకోలేదు. కనుక ముడి నూనెకూ శుద్ధి నూనెకూ నడుమ సుంకంలో వ్యత్యాసం 8.25 పాయింట్ల నుంచి 19.25 పాయింట్లకు పెరిగింది. మన రేవుల పక్కన ఉన్న రిఫైనరీలకు ఆ ఉత్తర్వులో అన్నిటికంటె ముఖ్యమైన అంకె ఇదే. వ్యత్యాసం చిన్నదైతే తయారైన పామోలిన్ తెచ్చుకోవడమే లాభసాటిగా ఉండి, ఇక్కడి యంత్రాలు ఖాళీగా ఉంటాయి. పెద్దదైతే ముడి నూనె తెచ్చి ఇక్కడ శుద్ధి చేయడం గిట్టుబాటవుతుంది.

అయితే 19.25 పాయింట్లంటే టన్నుకు 19,250 రూపాయల రక్షణ అని లెక్క కట్టడం పొరపాటు. పాయింట్లను తీసివేయడానికి రెండింటికీ మూలం ఒకటే అయి ఉండాలి. ముడి నూనె విలువ లక్ష, శుద్ధి చేసిన దాని విలువ లక్షా మూడు వేలు అనుకుంటే, మొదటిదాని మీద సుంకం 16,500, రెండవదాని మీద 36,822 రూపాయల 50 పైసలు. సుంకంలోనే తేడా 20,322 రూపాయల 50 పైసలు. పాయింట్ల లెక్కకూ రూపాయల లెక్కకూ టన్నుకు వెయ్యికి పైగా అంతరం. రెండు సరకుల విలువలు ఎడమయ్యే కొద్దీ ఈ అంతరం పెరుగుతుంది. పాయింట్లు రేట్లను పోల్చడానికి పనికివస్తాయి. పడతల కట్టేటప్పుడు మాత్రం ఏ సరకు లెక్క ఆ సరకుకు విడిగా వేసి, ఆ తరువాతే తీసివేయాలి.

మిల్లుల ఫలితాలు చదివేటప్పుడు

మూడు నెలలకొకసారి కంపెనీలు ఫలితాలు ప్రకటించే రోజులలో ఈ తికమక మరింత హెచ్చుతుంది. అక్కడ అమ్మకాలు రూపాయలలో, లాభం రూపాయలలో, మార్జిన్ శాతంలో ఉంటాయి. వార్త రాసేవాడు మూడింటికీ "ఇంత శాతం పెరిగింది" అని ఒకే వాక్యంలో కట్టేస్తాడు.

ఊరు పేరు లేని ఒక నూనె మిల్లును ఉదాహరణగా తీసుకుందాం. నిరుడు ఒక త్రైమాసికంలో 300 కోట్ల అమ్మకాల మీద 9 కోట్ల నిర్వహణ లాభం వచ్చింది. మార్జిన్ 3 శాతం. ఈ ఏడు అదే త్రైమాసికంలో నూనె ధరలు పడిపోవడంతో అమ్మకాలు 200 కోట్లకు దిగాయి, లాభం 8 కోట్లు. మార్జిన్ 4 శాతం.

దీనిని "మార్జిన్ 33 శాతం వృద్ధి" అని శీర్షిక పెట్టవచ్చు. 3 మీద 1 పెరిగింది కనుక భాగహారం తప్పు కాదు. "మార్జిన్ ఒక శాతం పెరిగింది" అనికూడ రాస్తారు. అది తప్పు, ఒక పాయింటు అనాలి. ఇక ఉప శీర్షికలో మార్జిన్ అన్న మాట జారిపోయి "లాభం 33 శాతం పెరిగింది" అని పడితే పచ్చి అబద్ధం. లాభం 9 నుంచి 8 కోట్లకు, అంటే 11 శాతానికి పైగా తగ్గింది. మిల్లు సంపాదించిన రూపాయలు తక్కువే. కాకపోతే ప్రతి నూరు రూపాయల అమ్మకం మీద మూడు మిగిలే చోట నాలుగు మిగిలాయి.

సరకుల వ్యాపారంలో ఇది అరుదైన సంగతి కాదు. ధర పడినప్పుడు అమ్మకాల విలువ దానంతట అదే కుంగుతుంది. టన్నుకు ఇంత అని వచ్చే మిల్లింగు కూలి అంతగా కుంగదు. అందుచేత మార్జిన్ పెరిగినట్లు కనిపిస్తుంది. ధరలు మండినప్పుడు ఇందుకు విరుద్ధంగా, లాభం నిలకడగా ఉన్నా మార్జిన్ తగ్గినట్లు కనిపిస్తుంది. కనుక నూనె, పప్పు, పత్తి మిల్లుల ఫలితాలు చదివే వర్తకుడు మార్జిన్ పాయింట్లను చూసిన వెంటనే రూపాయల లాభాన్ని, వీలైతే టన్నుకు లాభాన్ని చూసుకోవాలి. మూడూ ఒకే దిక్కున కదిలితే మంచిది. కదలకపోతే సరకు ధర ఏ దిక్కుకు పోయిందో ముందు విచారించాలి.

ఒక్క పాయింటు విలువ

పాయింటు అన్న మాట చిన్నదిగా వినిపిస్తుంది గనుక దానిని తేలికగా తీసివేసే ప్రమాదం కూడ ఉన్నది. గోదావరి జిల్లాల్లో, ఖమ్మం ప్రాంతంలో ఆయిల్‌పాం గెలల ధర కట్టేటప్పుడు ముడి నూనె ధరతో పాటు గెలల నుంచి వచ్చే నూనె శాతం కూడ లెక్కలోకి వస్తుంది. ఆ శాతం 18 నుంచి 19కి మారిందనుకుందాం. నూనె టన్ను లక్ష రూపాయలైతే, టన్ను గెలల్లోని నూనె విలువ 18,000 నుంచి 19,000 అయింది. మార్పు ఒక్క పాయింటే. కాని నూనె విలువ 5.5 శాతానికి పైగా పెరిగింది. దీనినే "నూనె శాతం ఒక శాతం పెరిగింది" అని రాస్తే, అక్షరాలా చదివినవానికి 18లో నూరో వంతు, టన్నుకు 180 రూపాయలు అని అర్థం. రైతుకూ మిల్లుకూ నడుమ టన్నుకు 820 రూపాయల తేడాను ఒక మాట మింగేసిందన్నమాట.

ఇక్కడ శాతం మార్పు చెప్పడమే ఎక్కువ ఉపయోగం. ఎందుచేతనంటే గెల ధర నూనె శాతానికి అనుపాతంగా కదులుతుంది. సుంకం విషయంలో పాయింట్లు ఎక్కువ ఉపయోగం, అవి నేరుగా నూటికి ఇన్ని రూపాయలని చెబుతాయి కనుక. ఏది వాడాలన్నది చదివేవాడు దానితో ఏ లెక్క వేస్తాడన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఏమి చేయాలి?

బ్యాంకుల వారు ఈ చిక్కును ఏనాడో తీర్చుకున్నారు. పాయింటును నూరు భాగాలు చేసి ఒక్కొక్క భాగాన్ని బేసిస్ పాయింటు అన్నారు. 2025 జూన్ 6న రిజర్వు బ్యాంకు రెపో రేటును 6 నుంచి 5.5 శాతానికి తగ్గించినప్పుడు 50 బేసిస్ పాయింట్ల కోత అన్నారు. అర శాతమా, అందులో శాతమా అని ఎవరూ అడగనవసరం లేకపోయింది. సరకుల బజారులో ఆ మాట నలగలేదు. పైగా మనవారికి పాయింటు అంటే షేర్ల సూచీ గుర్తుకు వస్తుంది. అందుచేత ఉత్త "పాయింట్లు" అనక మొదటిసారైనా "శాతం పాయింట్లు" అని పూర్తిగా రాయడం మేలు.

అంతకంటె సులువైన దారి మన వ్యవహారంలోనే ఉన్నది. "నూటికి ఇంత" అనే పాత పలుకుబడిని రెండు కొసలకూ తగిలిస్తే చాలు. "సుంకం నూటికి ఇరవై ఏడున్నర నుంచి నూటికి పదహారున్నరకు తగ్గింది" అన్న వాక్యానికి వ్యాఖ్యానం అక్కరలేదు. చదివినవాడు తీసివేత కావాలంటే తీసివేత, భాగహారం కావాలంటే భాగహారం తానే చేసుకుంటాడు. శీర్షికలో చోటు లేదన్న సాకు చెల్లదు. "సుంకం 27.5 నుంచి 16.5కు" అన్నది "సుంకం 40 శాతం కోత" కంటె ఏమంత పొడవు కాదు.

పాఠకుని వైపు నుంచి ఒక్క అలవాటు చాలు. ఏదైనా ఇంత శాతం మారిందని చదివినప్పుడు, మారిన వస్తువు రూపాయలలో, టన్నులలో ఉన్నదా, లేక అదే శాతంలో ఉన్నదా అని చూసుకోవాలి. రూపాయలూ టన్నులూ అయితే నిశ్చింతగా ముందుకు పోవచ్చు. సుంకం, వడ్డీ, మార్జిన్, తేమ, తరుగు, నూనె శాతం వంటివైతే ఆగి, రెండు కొసలూ వార్తలో ఉన్నాయేమో వెదకాలి. లేకపోతే ఆ వార్త మీద సరకు కొనరాదు, అమ్మరాదు. ఉత్తర్వు ప్రతి తెప్పించుకొని చూడాలి, లేదా చెప్పిన దళారీని "ఎంత నుంచి ఎంతకు?" అని అడగాలి. జవాబు చెప్పలేని దళారీ ఆ ఉత్తర్వు చదవలేదన్నమాట.